రాగం పేరు, ఒక అంకె రాస్తే పాఠానికి వివరాలు పూర్తయినట్టేనా?

“పాఠం రికార్డింగ్‌కి రాగం పేరు, బీపీఎం రాస్తే చాలండీ. వాద్యం వినగానే తెలిసిపోతుంది, స్థాయి ఎవరికి వారు చూసుకుంటారు. మిగతాదంతా దండగ.” నెల్లూరు, ఒంగోలు వైపు సంగీతం నేర్పే వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాట ఇది.

మొదట రాగం. ‘మలహరి’ అని రాస్తే ఏ గీతం? శ్రీ గణనాథ, కుందగౌర, కెరయ నీరను మూడూ మలహరే. మొదటి రెండూ రూపక తాళం, మూడోది త్రిపుట. కాబట్టి పాట పేరు, తాళం తప్పవు.

అసలు తంటా బీపీఎం అంకెతో. కావలిలో ఒక వీణ టీచర్ శ్రీ గణనాథను రెండో కాలంలో వాయించి ‘120’ అని రాశారనుకుందాం. ఆమె నిమిషానికి 60 అక్షరాలు వేసి, అక్షరానికి రెండు స్వరాల చొప్పున 120 స్వరాలు లెక్కపెట్టారు. ఒంగోలులో పిల్లవాడు మెట్రోనోమ్‌ను 120కి పెట్టి, ప్రతి టిక్కునూ అక్షరం అనుకుని అదే రెండో కాలం వాయిస్తాడు. నిమిషానికి 240 స్వరాలు! మీటు తప్పుతుంది, గమకాలు ఎగిరిపోతాయి, ఇంట్లో అందరికీ టెన్షన్. మెట్రోనోమ్‌ను రాసిన అంకెకు పెట్టి, పాఠం వింటూ చేత్తో తాళం వేస్తే ఇది తేలిపోతుంది: రూపకం ఆవర్తనానికి 6 అక్షరాలు కదా, 6 టిక్కులు పడాలి. 12 పడితే రాసింది స్వరాల లెక్క. అందుకే ‘అక్షరం 60, రెండో కాలం’ అని రాయాలి. ఎంపీ3లో TBPM అనే గడి ఉంది గానీ, అందులో పట్టేది ఒక్క పూర్ణాంకమే. కాలం సంగతి శీర్షికలోనో వ్యాఖ్యలోనో పెట్టుకోవాల్సిందే.

వాద్యం వింటే తెలుస్తుంది, నిజమే. కానీ వెతికేటప్పుడు వినం కదా! పైగా శ్రుతి చెవితో పోల్చుకోవడం కొత్తవాళ్లకు కష్టం. 5 శ్రుతి వేణువు ఉన్నవాడు 3 శ్రుతి వీణ పాఠంతో కలిపి వాయిస్తే అపస్వరమే. కాబట్టి వాద్యం, శ్రుతి రెండూ రాయాలి. ఎంపీ3లో శ్రుతి కోసం ఉన్న TKEY గడిలో మూడు క్యారెక్టర్లకు మించి పట్టవు కాబట్టి రాగం పేరును అక్కడ ఇరికించకండి. గిటార్‌కైతే కేపో ఎన్నో మెట్టులో ఉందో రాస్తే చాలా వరకు సరిపోతుంది.

స్థాయికి ‘బిగినర్’ అని రాయడం కన్నా ‘అలంకారాలు అయ్యాక’ అంటే మన పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. అదీ వాద్యాన్ని బట్టి మారుతుంది. శ్రీ గణనాథలో తార స్థాయి రిషభం వస్తుంది. వీణలో వేలు పై మెట్టుకు జరిపితే పలుకుతుంది. వేణువులో ఊదు సన్నగా, జోరుగా పట్టాలి, లేకపోతే స్వరం కిందికి జారుతుంది. కనుక వేణువు పాఠానికి ‘తార స్థాయి నిలిచాక’ అని చేర్చాలి.

```
వీణ - శ్రుతి 3 - మలహరి - శ్రీ గణనాథ - రూపకం - అక్షరం 60, రెండో కాలం - అలంకారాలు అయ్యాక
```

దీన్ని ఫైలు పేరుగా పెట్టి, వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఆడియోగా పంపితే అవతలి ఫోన్లో AUD- తో మొదలయ్యే వేరే పేరుతో దిగే అవకాశం ఉంది.