ఫులేరా చిరునామా: వాట్సాప్ సందేశానికి జవాబు

"పంచాయత్ సిరీస్‌లోని ఫులేరా కల్పిత గ్రామం కాదు. యూపీలోని బలియా జిల్లాలో ఉన్న నిజమైన ఊరు. మ్యాప్‌లో పేరు కొడితే వస్తుంది, హీరో ఎక్కిన నీళ్ల ట్యాంకు కూడా కనిపిస్తుంది. అక్కడ జరిగిన కథనే తీశారు. మన సివరపల్లి కూడా అంతే."

నల్గొండలోని మా మిత్రుల గ్రూపులో నాలుగైదు సార్లు తిరిగిన సందేశమిది. ఇందులో ఒక్క ముక్క మాత్రం నిజం: బలియా నిజమైన జిల్లాయే. ఉత్తరప్రదేశ్‌కు తూర్పు కొసన, దక్షిణాన గంగ, ఉత్తరాన సరయూ పారే జిల్లా అది. నిజమైన జిల్లాలో లేని ఊరిని నిలపడం రచయితలకు పాత అలవాటే. పాలన వివరాలన్నీ సరిగ్గా అమరితే ఊరు కల్పితమన్న అనుమానం ప్రేక్షకునికి రాదు. ఈ హిందీ వెబ్ సిరీస్‌లో గ్రామ పెద్దను 'ప్రధాన్' అంటారు. ఉత్తరప్రదేశ్‌లో అదే వ్యవహారం. మనకూ, మధ్యప్రదేశ్‌కూ ఆ పదవి 'సర్పంచ్'. ఈ మాట తేడా కింద మళ్లీ అక్కరకు వస్తుంది.

పేరు కొడితే మ్యాప్‌లో వస్తుందన్న వాదనను చూద్దాం. ఫులేరా అని వెతికితే ప్రముఖంగా వచ్చేది రాజస్థాన్‌లోని జైపూర్ జిల్లా పట్టణం, సాంభర్ సరస్సుకు దగ్గరలో ఉన్న పెద్ద రైల్వే జంక్షన్. సిరీస్ హీరో, పంచాయతీ కార్యదర్శి అభిషేక్, అంటే సచివ్ జీ, పనిచేసిన పల్లెకూ ఆ జంక్షన్‌కూ పేరు తప్ప ఏ పోలికా లేదు. పేరు కలిసినంత మాత్రాన ఊరు ఒకటి కాదని మన జిల్లా వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు: చింతపల్లి మనకూ ఉంది, విశాఖ ఏజెన్సీలోనూ ఉంది.

ట్యాంకు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సందేశాన్ని నమ్మించినది అదే. మొదటి సీజన్ (2020) చివర అభిషేక్ ట్యాంకు ఎక్కి, పైన ప్రధాన్ కూతురు రింకీని చూసే దృశ్యం అందరికీ గుర్తుంటుంది. ఆ ట్యాంకు నిజంగానే ఉంది, కాని బలియాలో లేదు. సిరీస్‌ను మధ్యప్రదేశ్‌లోని సీహోర్ జిల్లా మహోడియా గ్రామంలో చిత్రీకరించారు. అది భోపాల్ వైపు ప్రాంతం. అక్కడి నుంచి బలియాకు వందల కిలోమీటర్ల దూరం. అంటే తెర మీద 'ప్రధాన్' అని పిలిపించుకునే పాత్ర నడిచిన వీధులు నిజానికి సర్పంచ్ ఉన్న ఊరివి. అభిమానులు గీసే పటాలలో ఈ రెండూ కలిసిపోతుంటాయి: ఒకటి కథలోని చిరునామా, రెండవది కెమెరా నిలిచిన చోటు. జాగ్రత్తగా పనిచేసేవారు వీటిని రెండు వేర్వేరు గుర్తులుగానే పెడతారు. మా గ్రూపుకు వచ్చిన మ్యాప్ స్క్రీన్‌షాట్‌లో జిల్లా పేరు ఉండవలసిన అంచు కత్తిరించి ఉండడం కాకతాళీయమేమో, నేను నమ్మను.

దృశ్యంలోని చోటు ఇదేనని తేల్చడానికి ట్యాంకు ఒక్కటే చాలదు. అలాంటి ట్యాంకులు మన మండలాల్లోనే ఎన్నో ఉన్నాయి. ట్యాంకు పైనుంచి తీసిన దృశ్యంలో దారి ఎటు మలుపు తిరిగింది, ఇళ్ల కప్పులు ఏ వరుసలో ఉన్నాయి, పొలం ఏ వైపు మొదలైంది అన్నవి రాసుకొని, ఉపగ్రహ చిత్రంతో పోల్చాలి. కనీసం మూడు గుర్తులు ఒకే దిశలో కలవాలి. నేల కూడా సాక్ష్యం చెబుతుంది: సీహోర్ ఉన్న మాళ్వా పీఠభూమి నల్లరేగడి, బలియా గంగ ఒండ్రు మైదానం. చెల్క, రేగడి తేడా తెలిసిన మన రైతుకు ఇది సులువైన పరీక్షే. అయితే ఎండాకాలపు దుమ్ములోనూ, రంగులు మార్చిన దృశ్యాలలోనూ ఇది మోసం చేస్తుంది కనుక ఒంటరి సాక్ష్యంగా పనికిరాదు. మ్యాప్ మీది గుర్తు కూడా అంతే. కొత్త స్థలాలను మామూలు వాడుకరులు కూడా చేర్చే వీలు ఉంది కాబట్టి, అక్కడి ఫోటోలూ సమీక్షలూ అన్నీ 2020 ఏప్రిల్ తరువాతివే అయితే, ఆ పేరు సిరీస్ నుంచి మ్యాప్‌కు వెళ్లిందని అనుమానించాలి. ఆ పేరుతో నిజమైన గ్రామం ఉన్నదీ లేనిదీ తేల్చేది 2011 జనగణన గ్రామాల జాబితా. అందులో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక కోడ్ ఉంటుంది.

ఇక జరిగిన కథ అన్న మాట. ఇదే కథ 2024లో తమిళంలో 'తలైవెట్టియాన్ పాళయం'గా, 2025 జనవరిలో తెలుగులో 'సివరపల్లి'గా వచ్చింది. పట్నం కుర్రాడు ఇష్టం లేకుండానే పల్లెలో పంచాయతీ కార్యదర్శి కావడం, మహిళ పేరున ఉన్న పదవిని భర్త నడపడం మూడు చోట్లా ఉన్నాయి. అది ఒక ఊళ్లో జరిగిన చరిత్రే అయితే తెలంగాణలోనూ తమిళనాడులోనూ అదే వరసలో మళ్లీ జరిగిందనుకోవాలి. సివరపల్లి కోసం వెతికేవారు హైదరాబాద్ రాజేంద్రనగర్ పక్కనున్న శివరాంపల్లి దగ్గర ఆగిపోవద్దు; పోలీసు అకాడమీ ఉన్న ఆ చోటు మహానగరంలో భాగం, సిరీస్‌లోనిది మారుమూల పల్లె.