‘ల’కు తలకట్టు

మా పెద్దవదిన తన చిన్నకొడుకు తెలుగు నోటుబుక్కులోని ఒక పేజీని ఫోటో తీసి పంపి, “వీడి రాత ఇలా ఏడుస్తోంది, ముందు ఏది సరిచేయాలో కాస్త చూసి చెప్పవయ్యా” అని అడిగింది. వాడు రెండో తరగతి. నేను వేసవి సెలవుల్లో పిల్లలకు చేతిరాత తరగతులు నడుపుతాను కనుక ఈ విషయంలో మా ఇంటిల్లిపాదికీ ఆస్థాన వైద్యుణ్ణి. అడిగినదేమో నాకొక్కడికీ విడిగా కాదు, మేనత్తలూ మేనమామలూ అందరూ ఉన్న కుటుంబం గ్రూపులో అడిగింది. అంతమంది చూస్తూ ఉండగా “పిల్లవాడు రాస్తుంటే చూడకుండా చెప్పలేను” అనడం నాకు చేతకాలేదు.

కనుక చెప్పాను. అక్షరాలు కాటుక పెట్టినట్టు నల్లగా ఉన్నాయి కాబట్టి వాడు పెన్సిలును కాగితంలోకి దిగేలా నొక్కుతున్నాడన్నాను. అంతగా నొక్కుతున్నాడంటే పట్టు బిగుసుకుపోయి ఉంటుందనీ, బొటనవేలు పెన్సిలును దాటి చూపుడువేలి మీదకు చుట్టుకుని ఉంటుందనీ అన్నాను. ‘ల’ మీదా, ‘జ’ మీదా అడ్డదిడ్డంగా చిన్న చిన్న గీతలు కనబడుతున్నాయి కాబట్టి, బిగిసిన మణికట్టు పెన్సిలును ఎత్తేటప్పుడు విదిలిస్తోందని కూడా తేల్చాను. ఆ మూడో వాక్యం రాసి కొంతసేపు నన్ను నేనే మెచ్చుకున్నాను. అక్షరాల సంగతి తరువాత చూద్దాం, ముందు పట్టు మార్చండి అని ముగించాను. మా చిన్నత్తయ్య చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. వదిన ఆ సాయంత్రమే బజారుకు వెళ్లి పెన్సిలుకు తొడిగే రబ్బరు తొడుగుల ప్యాకెట్టు కొనేసింది.

తరువాతి ఆదివారం వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. ప్రసాదాలు పంచడం అయ్యాక వదిన పిల్లవాణ్ణి పిలిచి, చాప వేసి, నోటుబుక్కూ పెన్సిలూ చేతికిచ్చి, “బాబాయి చూస్తాడు, రాయరా” అంది. అన్నయ్యా, ఇద్దరు అత్తయ్యలూ, పొరుగింటావిడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. సంభావన కోసం ఆగిన పంతులుగారు కూడా కళ్లజోడు సవరించుకున్నారు. నేను, నాకు తెలిసిన ఉపాయం కొద్దీ, “జలజ పలక మీద బలపంతో రాసింది” అనే వాక్యం రాయమన్నాను.

ఆ వాక్యంలో ఒక మెలిక ఉంది. అందులోని అక్షరాలు 15. వాటిలో తలకట్టు కావలసినవి ‘పలక’లోని ‘ప’, ‘క’, ‘మీద’లోని ‘ద’, ‘బలపం’లోని ‘ప’, మొత్తం 4 మాత్రమే. ‘జ’, ‘ల’, ‘బ’ పుట్టుకతోనే తలకట్టు లేని అక్షరాలు. ‘మీ’, ‘రా’, ‘తో’, ‘సిం’, ‘ది’ అనేవాటికి గుడో, దీర్ఘమో, ఓత్వమో వచ్చి కూర్చున్న తరువాత తలకట్టుకు అక్కడ చోటు ఉండదు. తలకట్టు విషయంలో తడబడే పిల్లవాడు ఈ వాక్యంలో తప్పకుండా దొరికిపోతాడు.

వాడు రాయడం మొదలుపెట్టాడు. రబ్బరు తొడుగు పెన్సిలు మొనకు బెత్తెడు దూరంలో, ఎవరికీ పనికిరాని ఎత్తులో వేలాడుతోంది. వాడు దాని కిందుగా పెన్సిలు పట్టుకుని, దానితో తనకేమీ సంబంధం లేనట్టు రాసుకుపోతున్నాడు. అక్షరాలు గుండ్రంగా, తేలికగా, బూడిద రంగులో పడుతున్నాయి. నేను ఫోటోలో చూసిన నలుపు ఆ కాగితం మీద ఎక్కడా లేదు. వాక్యం చివరిదాకా వెళ్లాడు, ఒక్క తలకట్టు కూడా పెట్టలేదు. మా పెద్దత్తయ్య “పాపం, మరిచిపోయాడు” అంది. వాడు మరిచిపోలేదు. ఊపిరి పీల్చుకుని, చెయ్యి మళ్లీ పంక్తి మొదటికి తీసుకువచ్చి, పెళ్లి పందిట్లో వరుసగా నిలబడ్డ బంధువులకు బొట్టు పెట్టుకుంటూ పోయే ముత్తైదువలాగా, మొదటి ‘జ’ నుంచి చివరి ‘ది’ దాకా ఎవరినీ వదలకుండా, ఎవరికీ ఎక్కువ తక్కువలు చేయకుండా, ఒక్కొక్కరికి ఒక్కొక్క తలకట్టు పెట్టుకుంటూ వెళ్లాడు. ‘జలజ’కు మూడు పడ్డాయి. గుడిదీర్ఘం పెట్టుకుని దర్జాగా ఉన్న ‘మీ’కి ఆ గుడిదీర్ఘం మీద ఇంకొకటి పడింది. ‘తో’కు పెట్టబోయినది చెయ్యి జారి ‘తో’కూ ‘రా’కూ మధ్య ఖాళీలో పడింది. వాడు ఒక క్షణం ఆగి దానివంక చూసి, పోనీలే అనుకున్నట్టు ‘రా’కు విడిగా ఇంకొకటి పెట్టాడు. చుట్టూ నిలబడ్డ పెద్దవాళ్లలో ఒక్కరూ మాట్లాడలేదు. పంతులుగారు మాత్రం సన్నగా దగ్గారు.

మణికట్టు విదిలింపు అని నేను అంత నమ్మకంగా చెప్పిన గీతలు ఇవే.

“ఇలా చివర్లో ఎందుకు పెడుతున్నావురా?” అని అడిగాను. “తలకట్టు మరిచిపోతే మిస్సు స్టార్ ఇవ్వదు బాబాయ్. అందుకని ఆఖర్న అన్నింటికీ ఒకేసారి పెట్టేస్తాను” అన్నాడు. ఎంత ముందుచూపు! ఎక్కువ పెట్టినందుకు స్టార్ పోతుందని వాడికి ఎవరూ చెప్పలేదు. తక్కువైతేనే పోతుంది. పిల్లవాడు లెక్క వేసుకుని లాభసాటి మార్గం ఎంచుకున్నాడు. అరవైమంది నోటుబుక్కులు దిద్దాల్సిన ఆ టీచరును ఏమీ అనలేను గానీ, అక్షరం ఎలా పుడుతోందో చూడకుండా పేజీ మొత్తానికి ఒక నక్షత్రం అంటించే ఆ పద్ధతిని మాత్రం అనగలను. నిజానికి ఆ పేజీ ఫోటోను మళ్లీ తీసి చూస్తే, అంతా అక్కడే కనబడుతోంది. అక్షరంతో కలిపి రాసిన తలకట్టు ఆ అక్షరం నెత్తికి అంటి ఉంటుంది, అక్షరం ఎత్తును బట్టి తానూ కాస్త పైకీ కిందికీ జరుగుతుంది. చివర్లో చల్లుకుంటూ పోయిన తలకట్లు మాత్రం అన్నీ ఒకే ఎత్తులో, ఒకే వాలుతో, అక్షరానికి ఎడంగా నిలుస్తాయి. అప్పుడప్పుడూ ఒక తలకట్టు రెండు అక్షరాల నడుమ దిక్కులేకుండా పడి ఉంటుంది. అంత స్పష్టమైన ఆనవాలును వదిలేసి నేను నలుపును పట్టుకుని వేలాడాను.

ఆ నలుపు ఎక్కడిదని అడిగితే వదిన ఫోను తెచ్చి చూపించింది. బడివాళ్లు హోంవర్కును మామూలు ఫోటోగా పంపితే ఒప్పుకోరట. స్కాన్ చేసి, నలుపు తెలుపుల్లోకి మార్చి పంపాలట. గ్రూపులోకి వచ్చిందీ అదే. అలా మార్చినప్పుడు ఫోను కాగితాన్ని తెల్లగా కడిగేసి, పెన్సిలు గీతలోని బూడిద ఛాయలన్నింటినీ అయితే నలుపులోకి, కాకపోతే తెలుపులోకి తోసేస్తుంది. మెల్లగా రాసినదీ, నొక్కి రాసినదీ ఒకే రంగుకు వస్తాయి. ఫోటోలో ఒత్తిడి గురించి ఏమైనా చెప్పగల ఒకే ఒక్క సాక్ష్యం అలా చెరిగిపోతుంది. అసలు నోటుబుక్కు తెప్పించి, ఆ పేజీ వెనకవైపు అందరి ముందూ వేళ్లతో తడిమాను. నొక్కి రాసేవాడి కాగితం వెనక గీతలు ఉబ్బుగా చేతికి తగులుతాయి. ఇది నున్నగా ఉంది. అన్నయ్య కూడా తడిమి, “ఏమీ లేదే” అని అవసరానికి మించిన గొంతుతో ప్రకటించాడు.

ఇక పట్టు. తొడుగు తీసేసి రాయమంటే, వాడు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటితో పెన్సిలును పట్టుకుని ఉంగరపు వేలి మీద ఆనించాడు. పుస్తకాల్లో మెచ్చుకునేది మూడు వేళ్ల పట్టు. అందులో పెన్సిలు మధ్యవేలి మీద ఆనుతుంది. వీడిది నాలుగు వేళ్ల పట్టు. దీన్ని చూడగానే సరిచేయాలని చాలామందికి చేతులు దురద పెడతాయి. కానీ ఒక పరిశోధనలో నాలుగో తరగతి పిల్లల్లో ఈ రెండు పట్లనూ, బొటనవేలు పక్కకు దాటే వాటి రకాలనూ పోల్చి చూసినప్పుడు, రాత స్పష్టతలో గానీ వేగంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వేళ్లు కదులుతూ ఉంటే, చెయ్యి నొప్పి పుట్టకుండా ఉంటే, ఆ పట్టును దాని మానాన వదిలేయవచ్చు. పిడికిలితో పట్టుకుని మోచెయ్యి మొత్తం ఊపుతూ రాసేవాడైతేనో, పేజీ మొదటి పంక్తి బాగుండి పదో పంక్తికి అక్షరాలు పెద్దవై చెదిరిపోతుంటేనో అప్పుడు పట్టు సంగతి చూడాలి. వీడి పదో పంక్తి మొదటి పంక్తి కంటే బాగుంది.

కనుక ముందు మార్చవలసింది వేళ్లను కాదు, తలకట్టు పెట్టే వేళను. క, గ, చ, డ, ద, న, ప అనే అక్షరాలను ఒక్కొక్కటిగా, తలకట్టుతో సహా పూర్తి చేశాకే రెండో అక్షరానికి వెళ్లాలని వాడితో ఒప్పందం చేసుకున్నాను. ఖ, జ, ట, ణ, బ, ల అనేవాటిని వేరే పంక్తిలో రాయించి, “వీళ్లు బోడితలల వాళ్లు, వీళ్ల జోలికి వెళ్లకు” అన్నాను. వాడు పకపకా నవ్వి, పంతులుగారి తలవైపు చూశాడు. ఆయన కండువా సర్దుకున్నారు. ఆ తరువాత ‘పలక’ అని రాయమంటే, ‘ల’ దగ్గరకు వచ్చి పెన్సిలు పైకెత్తి, ఆగి, నావైపు చూసి, ఏమీ పెట్టకుండా ‘క’కు వెళ్లాడు.

బంధువులందరికీ ఒక మాట చెప్పాను. ఇకమీదట నాకు ఫోటో పంపేవాళ్లు స్కాన్ చేయకుండా, కిటికీ పక్కన వాలుగా వెలుతురు పడేలా తీసి పంపాలి. పేజీ వెనకవైపుది ఒకటి పంపాలి. వాటికన్నా ముందు పిల్లవాడి చెయ్యి కనబడేలా అర నిమిషం వీడియో పంపాలి. ఎందుకంటే పూర్తయిపోయిన అక్షరంలో అది ఏ వరుసలో పుట్టిందో కొంత ఊహించవచ్చు గానీ, దాన్ని పట్టుకున్న వేళ్లు మాత్రం కనబడవు. అందరూ శ్రద్ధగా తలలూపారు. పెద్దత్తయ్య మాత్రం, “అయితే ఫోటో చూసి మొన్న అంత పొడుగున ఎలా రాశావురా?” అని అడిగింది.

నేను ప్రసాదం ఇంకొంచెం పెట్టమన్నాను. వదిన ప్రసాదంతో పాటు రబ్బరు తొడుగుల ప్యాకెట్టు కూడా తెచ్చి నా పక్కన పెట్టింది. విప్పిన ప్యాకెట్టును దుకాణంవాడు వెనక్కు తీసుకోడట. మిగిలినవి నా తరగతి పిల్లలకు అమ్మిపెట్టమంది, ధర తగ్గించవద్దంది.