వాన పడకముందే పాలు తగ్గినయ్ సారూ!

పొద్దుగాల మీటింగుల జరిగినదానికి ఇంకా తల వేడిగనే ఉంది, ఎవరికన్న చెప్పకపోతే అన్నం దిగేటట్టు లేదు. దేవరకొండ దిక్కు మా డెయిరీకి పాలొచ్చే రూట్ల పోయిన నెల పాలు ఒక్కసారిగ తగ్గిపోయినయ్, ఎందుకో చార్ట్ ఏసి తెమ్మన్నరు. రాత్రి కూసోని ఏసిన. ఏస్తే సార్ ఏమన్నడు? "ఏందయ్యా ఇన్ని గీతలు, నీట్‌గ లేదు, వాన ఒక్కటి ఉంచి మిగతాయి తీసెయ్."

వాన! మనకు ఏం జరిగినా వాననే గదా.

రోజూ 1150 నుంచి 1250 లీటర్ల మధ్యల వచ్చే రూట్ అది. మొదటి పదిహేను రోజుల బిల్లు 18 తారీకు రైతుల ఖాతాల పడాలె, పడలే. 19 కాడ్నుంచి గీత కిందికి దిగుడు షురూ. వాన మొదలైంది 22 నాడు, అప్పటికే 21 నాటి లెక్క 850. వాన 24కే తెరిపిచ్చింది, పాలు మాత్రం లేవలే. 26 నాడు బిల్లు పడ్డది, 27 నుంచి మళ్ల ఎక్కింది. మరి మూడు రోజుల తర్వాత పడే వాన 19 నాడే పాలెట్ల తగ్గించింది సార్, ముందుగాల ఫోన్ గిట్ట చేసి చెప్పిందా? అదే వాన పక్క రూట్ల గూడ పడ్డది, ఆడ బిల్లు టైంకు పడ్డది, గీత కదల్లే. ఆ రెండో గీత గూడ పక్కకు సన్నగ ఏసిన, అదే ముందు తీసేపిచ్చిండు.

నేను పెట్టింది ఇంతే:

```python
ax.axvspan(d19, d27, color="orange", alpha=0.15)
ax.axvline(d18, color="red", linestyle="--")
ax.axvline(d22, color="gray", linestyle=":")
ax.axvline(d26, color="green", linestyle="--")
```

లేత రంగు పట్టీ 19 కాడ ఎందుకు మొదలైతదంటే, గీత రోజూ ఉండే హద్దు దాటి కిందికొచ్చిన మొదటి రోజు అదే. బాగ కిందికి పోయినకాడ రంగు పెడితే సూసేటోనికి అసలు మొదలు కనపడదు. సార్ ఏం చేసిండంటే ఆ పట్టీని జరిపి 22 కాడ పెట్టమన్నడు, అంటే వాన గీతకు సరిగ్గ అతుక్కునేటట్టు! ముందటి మూడు రోజుల దిగుడు తెల్లగ మిగిలిపోయింది, ఎవరడుగుతరు దాన్ని? పైగ నేను పట్టీ మీద "పాలు తగ్గిన రోజులు" అనే రాసిన, కారణం రాయలే, కారణాలు గీతల కాడ తారీకులతోని విడిగ పెట్టిన. ఆయన ఆ పట్టీ మీదనే "వాన ప్రభావం" అని రాపిచ్చిండు. ఇగ సూసేటోడు ఆలోచించేదేముంది?

లేబుళ్లు తెలుగుల పెడదామంటే అదొక గోస. మామూలు ఫాంటుల డబ్బాలొస్తయ్, ఫాంట్ మారిస్తే నా కాడున్న దాంట్ల ఒత్తులన్నీ ఊడి పక్కకు పోతయ్. ఆఖరికి ఇంగ్లీషులనే రాసిన, మా సూపర్వైజరన్నకు చదివి చెప్పాల్సొచ్చింది.

అన్నిటికన్న కడుపు మండేది 23 తారీకు. ఆ రోజు కరెంటు పోయి మిషన్ల లెక్క పైకి పోలే, సాఫ్ట్‌వేర్ ఊకుండకుండ సున్నా ఏసింది. చార్టుల పెద్ద గుంత. లెక్క రాకపోవుడు ఏరు, పాలు రాకపోవుడు ఏరు. రిజిస్టర్ల 740 లీటర్లని పెన్నుతోని రాసుంది, నేను అదే ఎక్కిచ్చిన. రిజిస్టర్ లేకుంటే ఆ రోజు గీత తెంపి ఖాళీ ఇడవాలె గని సున్నా ఎట్ల పెడతం? సార్‌కు ఆ సున్నానే మస్తు నచ్చింది. "సూసినవా, వానకు చుక్క పాలు రాలే!" మళ్ల పెట్టిచ్చిండు. ఆ 740 లీటర్లు తడుసుకుంట తెచ్చి పోసినోళ్లు పిచ్చోళ్లా?

మా నాయిన గూడ అండ్లనే పోస్తుండె. బిల్లు ఎప్పుడు పడ్తది బిడ్డా అని నన్నే అడిగిండు, నేనేం చెప్తా? 20 నాడు పొద్దున క్యాన్ తీస్కపోయి నగదు ఇచ్చే ప్రైవేటు వ్యానోనికి పోసిండు. దాణా బస్తా ఉద్దెర ఎన్ని రోజులిస్తరు షాపోళ్లు? అంటే సార్ చార్టుల వాన ప్రభావం అంటే మా నాయిననే అన్నట్టు.

పోయిన ఎండకాలం గూడ గిదే కత. ఫ్యాట్ రేటు తగ్గిచ్చిన్రు, వారంల పాలు పడిపోయినయ్. చార్టుల రేటు తగ్గిన రోజు గీత పెట్టనియ్యలే, "ఎండలు" అని రాసి పైకి పంపిన్రు. ఎండకు బర్రెలు పాలు తగ్గిస్తయ్, నిజమే, గని మెల్లమెల్లగ తగ్గిస్తయ్, రేటు మారిన తెల్లారి నుంచే మెట్టు దిగినట్టు దిగవు. గది అడిగినందుకు నన్ను రెండు నెలలు క్యాన్లు లెక్కవెట్టే డ్యూటీల ఏసిన్రు.

ఈ చార్ట్ సోమవారం పైకి పోతదంట. మా రూట్ల 23 నాడు పాలు పోసినోళ్లు ఎవరన్న ఇది సదివితే, ఆ నాటి స్లిప్ ఫోటో తీసి నాకు పంపుండ్రి, తారీకు, లీటర్లు కనపడాలె.