సవరణ: సైకిల్ చక్రం స్లైడులో జడత్వ భ్రామకం

"సార్, చక్రం బరువంతా అంచులోనే ఉంది కదా, మీరు సగం ఎందుకు పెట్టారు?"

తప్పు నాదే. భ్రమణ చలనం స్లైడులో చక్రం జడత్వ భ్రామకం I = ½MR² అని రాశాను. అది అంతటా నిండుగా ఉండే బిళ్ళకు సరిపోతుంది. సైకిల్ చక్రంలో బరువు దాదాపు అంతా రిమ్ములో, టైరులో ఉంటుంది కాబట్టి I = MR² తీసుకోవాలి.

తిరుపతిలో మా వీధి సైకిల్ షాపులో సైకిల్‌ను తలకిందులుగా పెట్టి చక్రాన్ని తిప్పి చూపించాను, గుర్తుందా? దాన్నే 2 కేజీలు, వ్యాసార్థం 0.3 మీటర్లు అనుకుందాం. టైరుకు తాడు చుట్టి 6 న్యూటన్ల బలంతో లాగితే టార్క్ 6 × 0.3 = 1.8 N·m. ఇది స్లైడులో సరిగ్గానే ఉంది.

I మాత్రం 0.09 కాదు, 2 × 0.3² = 0.18 kg·m². అంటే కోణీయ త్వరణం 1.8 ÷ 0.18 = 10 rad/s². నేను 20 అని చెప్పాను. నిశ్చల స్థితి నుంచి ఒక సెకను లాగితే చక్రం సెకనుకు సుమారు 1.6 చుట్ల వేగం అందుకుంటుంది, 3.2 కాదు.

ఊచలు, ఇరుసు దగ్గరి హబ్ బరువు కూడా లెక్కేస్తే I కాస్త తగ్గుతుంది, అయితే సగానికి మాత్రం దిగదు. అదే తాడును ఇరుసుకు 0.1 మీటరు దూరంలో చుట్టి లాగితే I మారదు. టార్క్ 0.6కి పడిపోతుంది, త్వరణం కూడా మూడో వంతే.