43వ ప్రశ్న

మంగళవారం పొద్దున ఉద్యోగం కోసం ఒక కన్సల్టెన్సీకి రెండు పేజీల రెజ్యూమే పంపాను. గంట తిరక్కుండా "ప్రొఫైల్ చాలా బాగుందండీ" అని జవాబొచ్చింది, దాని కింద ఒక ఫారం లింకు. 43 ప్రశ్నలు. మొదటిది మీ పేరు. రెండోది మీ ఈమెయిల్, పక్కన ఎర్ర చుక్క, అంటే రాయకపోతే కదలదు. ఆ లింకు వచ్చింది ఆ ఈమెయిల్‌కే అన్న సంగతి ఫారానికి తెలియదు పాపం. పదకొండేళ్లుగా జావా రాస్తున్నవాణ్ని పదో తరగతి శాతం అడిగారు. మార్కుల మెమో అమ్మ బీరువాలో ఉంది, బీరువా తాళం ఊళ్లో ఉంది. ఇక 43వ ప్రశ్న: దయచేసి మీ రెజ్యూమే అప్‌లోడ్ చేయండి.

కోపం రాలేదని అబద్ధం చెప్పను. నేను రాసిన మొదటి జవాబులో "పంపింది ఒకసారి తెరిచారా?" అనే వాక్యం ఉండేది, మా ఆవిడ తీయించేసింది.

ఫారం పంపినావిడ తప్పేం లేదు లెండి. కన్సల్టెన్సీలో కూర్చున్న ఆ అమ్మాయి కంపెనీకి పంపాల్సింది రెజ్యూమే ఒక్కటే కాదు, ట్రాకర్ అనే ఎక్సెల్ షీటు కూడా. అందులో గడి ఖాళీగా ఉంటే వెనక్కొస్తుంది. పాన్ నంబరు అడిగేదీ అందుకే: ఒకే మనిషిని రెండు కన్సల్టెన్సీలు పంపితే, ముందు ఎక్కించినవాళ్లకే కమీషన్. అంటే అది నా గురించి కాదు, నా మీద హక్కు గురించి. కూర్చుని లెక్కపెడితే 43లో 37 రెజ్యూమేలోనే ఉన్నాయి. లేనివి ఆరే: ఇప్పటి జీతం, అడిగే జీతం, నోటీసు, ఊరు, పాన్, ఆ పదో తరగతి శాతం.

అందుకని ఇలా రాశాను:

"నమస్తే అండీ, లింకు అందింది. ట్రాకర్‌కి కావాల్సినవి ఇక్కడే ఇస్తున్నాను. నోటీసు 90 రోజులు, 60కి తగ్గించే వీలుంది. హైదరాబాదులోనే ఉంటాను, వారానికి మూడు రోజులు ఆఫీసుకు రాగలను. ఈ ఉద్యోగానికి బడ్జెట్ ఎంతో చెబితే జీతాల సంగతి వెంటనే రాస్తాను. పదో తరగతి శాతం తప్ప మిగతావన్నీ రెజ్యూమేలో ఉన్నాయి. మొదటి రౌండు అయ్యాక ఫారం పూర్తిగా నింపుతాను, పాన్ ఆఫర్ దశలో ఇస్తాను. గురువారం సాయంత్రం ఐదు తర్వాత మాట్లాడటానికి వీలుంటుంది."

ఇందులో "నింపను" అనే మాట ఎక్కడా లేదు, గమనించండి. ఎప్పుడు నింపుతానో మాత్రమే ఉంది. బడ్జెట్ ఎంతని అడిగామా, నిజంగా ఖాళీ ఉందో, ఊరికే రెజ్యూమేలు పోగేస్తున్నారో కూడా తేలిపోతుంది. ఖాళీ లేనివాళ్లు ఆ ప్రశ్న తర్వాత మళ్లీ కనపడరు.

ఈవిడ కనపడింది. గురువారం ఐదు దాటగానే ఫోన్ చేసి, "ఫారం నేనే నింపేస్తాలెండి, బడ్జెట్ కూడా కనుక్కున్నాను" అంది. ఎంత మర్యాద అనుకుని లేచి నిలబడ్డాను కూడా. అటువైపు కీబోర్డు చప్పుడు.

"మీ పేరు స్పెల్లింగ్ ఒకసారి చెప్తారా అండీ?"