పులిహోర మీద పడిన నింద

మొన్నటి ఉగాది సంబరాల మధ్యాహ్న భోజనం తరువాత కొన్ని కుటుంబాలు వాంతులతో ఇబ్బంది పడిన సంగతి ఈ పత్రిక చదివే వారందరికీ తెలిసినదే. ఆ రాత్రికే వాట్సాప్ గ్రూపులో నేరం పులిహోరదని తేల్చేశారు. పన్నెండేళ్లుగా ప్రతి పండుగకూ తన చేత్తో పులిహోర కలిపి తెస్తున్న పిన్నిగారు ఆ మాటలు చదివి, ఇకపై తాను ఏమీ వండి తీసుకురానని భోజనాల కమిటీకి కబురు పంపారు. ఆ కమిటీలో ఉన్నవాడిని, ఆ రోజు తెల్లన్నం వండిన నలుగురిలో ఒకడిని కాబట్టి ఈ మాట నేను చెప్పక తప్పదు. పులిహోర తిన్నందువల్ల ఎవరికీ ఏమీ కాలేదని, మేము ముందు రోజు రాత్రి వండి ఉంచిన తెల్లన్నమే కారణమని నేను నమ్ముతున్నాను.

శుక్రవారం రాత్రి తొమ్మిది గంటలకల్లా నాలుగు ఇళ్లలో అన్నం వండి, వేడిగా ఉండగానే లోతైన అల్యూమినియం ట్రేలలో నింపి, పైన రేకు కప్పి, వేడి నిలుస్తుందన్న ఆశతో కూలర్ పెట్టెల్లో పెట్టి మూతలు బిగించాము. మరునాడు ఉదయం తీసి చూస్తే ట్రే మధ్యలో అన్నం ఇంకా గోరువెచ్చగా ఉంది. అది చూసి నేను సంతోషించాను. దానిని బడి వంటగదిలోని ఓవెన్‌లో పొగలు వచ్చేదాకా వేడి చేసి, పన్నెండున్నరకు వడ్డన మొదలుపెట్టాము. మూడు గంటలకు, పిల్లల నాటిక సాగుతుండగా, మొదటి వాంతి. ఆరు గంటలలోపు ఇరవై ముగ్గురు. జ్వరం ఎవరికీ రాలేదు, విరేచనాలు ఒకరిద్దరికే అయ్యాయి, మరునాటి ఉదయానికి అందరూ తేరుకున్నారు.

ఆ గోరువెచ్చదనమే అసలు సంగతి. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి మట్టిలో ఉంటుంది, వరి పొలం నుంచి బియ్యంతో పాటే మన ఇంటికి వస్తుంది. అది ఎండిన స్థితిలో గట్టి పొర కప్పుకొని, బీజాంశం రూపంలో నిద్రాణంగా ఉంటుంది. అన్నం ఉడికే వేడికి తక్కిన క్రిములు చాలావరకు చచ్చిపోతాయి కానీ ఈ బీజాంశాలు చావవు, పైగా ఆ వేడే వాటిని మేల్కొలుపుతుంది. అన్నం చల్లారుతూ వాటికి అనువైన గోరువెచ్చని స్థితికి వచ్చేసరికి పోటీ లేదు, తేమ ఉంది, తినడానికి పిండి పదార్థం ఉంది. ఆ వేడిలో అవి దాదాపు అరగంటకు ఒకసారి రెట్టింపవుతాయి అనుకుందాం. అంటే అయిదు గంటలలో పదిసార్లు రెట్టింపై, ఒకటి వెయ్యికి పైగా అవుతుంది. మరో అయిదు గంటలు గడిస్తే ఆ వెయ్యి పది లక్షలు దాటుతుంది. మా అన్నం వండిన గంట నుంచి వడ్డించిన గంట దాకా పదిహేను గంటలకు పైనే గడిచింది. చలువపెట్టె కావలసిన చోట మేము వాటికి పొదిగే పెట్టె అమర్చి ఇచ్చాము.

‘మళ్లీ పొగలు వచ్చేలా వేడి చేశాము కదా’ అని కమిటీ సమావేశంలో ఒక అన్నయ్య అడిగారు. నేనూ అప్పటిదాకా అలాగే అనుకునేవాడిని. వేడి చేస్తే ఆ సూక్ష్మజీవులు చనిపోయే మాట నిజమే, కానీ అవి అప్పటికే అన్నంలోకి వదిలిన విషం పోదు. సీరియులైడ్ అనే ఆ విషం 250 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద గంటన్నర ఉంచినా చెక్కుచెదరదు. కడుపులోని ఆమ్లం, జీర్ణరసాలు కూడా దానిని విరగగొట్టలేవు. అది కడుపు దగ్గరి నరాల చివళ్లను తాకి, వాటి ద్వారా మెదడుకు వాంతి సంకేతం పంపుతుంది. క్రిములు ఒంట్లో చేరి పెరగవలసిన పని లేదు, విషం ముందే తయారై ఉంది. కాబట్టి తిన్న అరగంట నుంచి ఆరు గంటలలోపే వాంతులు మొదలై, సాధారణంగా ఒక రోజులోపే తగ్గిపోతాయి. అన్నం పాచిపోయిన వాసన కూడా రానక్కరలేదు. మా అన్నం కమ్మగానే ఉంది.

ఇది మనకు మాత్రమే జరిగినది కాదు. 1970ల తొలి సంవత్సరాలలో బ్రిటన్‌లోని చైనా భోజనశాలల్లో ఫ్రైడ్ రైస్ తిన్నవారికి సరిగ్గా ఇలాగే వాంతులు అవుతుంటే, అక్కడి పరిశోధకులు దీనిని పట్టుకున్నారు. ఫ్రిజ్‌లో పెడితే అన్నం ముద్దకట్టి, వేయించేటప్పుడు పొడిపొడిగా విడదు. అందుకని వంటవారు ఎక్కువ మొత్తంలో అన్నం వండి రాత్రంతా బయటే ఉంచి, మరునాడు గిరాకీని బట్టి కాసేపు వేయించి ఇచ్చేవారు. వారి ఉద్దేశంలోనూ, మా ఉద్దేశంలోనూ చెడు లేదు.

అన్నం నమూనా మిగలలేదు కనుక పరీక్ష చేయించలేకపోయాము. చేతుల మీది నుంచి ఆహారంలోకి చేరే స్టాఫిలోకోకస్ కూడా ఇదే వేళకు, ఇదే తీరున వాంతులు చేయిస్తుంది, లక్షణాలను బట్టి ఈ రెంటినీ విడదీయలేము. అందుచేత నేను రెండు వారాల పాటు ఇంటింటికీ ఫోన్ చేసి, ఎవరు ఏమి తిన్నారో రాసుకున్నాను. ఒకటిన్నరకు తెల్లన్నం అయిపోతే, ఆలస్యంగా వచ్చినవారి కోసం అక్కడి వంటగదిలోనే రైస్ కుక్కర్లలో అప్పటికప్పుడు వండి పెట్టాము. వారు తిన్నది అదే సాంబారు, అదే పెరుగు, అదే పులిహోర, వారిలో ఒక్కరికీ వాంతి కాలేదు. పులిహోర, గారెలతో సరిపెట్టుకున్న పిల్లలకూ కాలేదు. జబ్బుపడిన ఇరవై ముగ్గురూ ముందు పంక్తిలో తెల్లన్నం తిన్నవారే.

పిన్నిగారు ఆ శనివారం తెల్లవారుజామున అన్నం వండి, వెడల్పాటి తాంబాళాల్లో పలుచగా ఆరబోసి, నూనె, పసుపు కలిపి, చల్లారాక చింతపండు పులుసు పట్టించారు. ఆరబోయడం మెతుకు విడిగా ఉండడానికే కావచ్చు, కానీ దానివల్ల వేడి త్వరగా దిగిపోతుంది. చింతపండు పులుపు ఈ సూక్ష్మజీవి పెరుగుదలకు అడ్డు. మా నాయనమ్మ కోనసీమలో రాత్రి మిగిలిన అన్నాన్ని ఏనాడూ పొడిగా వదిలేది కాదు, తరవాణి కుండలో వేసేది. తెల్లవారేసరికి అది పులిసి, ఆ పులుపే అన్నాన్ని కాపాడేది. అలాగని ఏ పులుపైనా, ఎంత పులుపైనా చాలునని నేను అనను, పుల్లగా ఉందని పులిహోరను రోజంతా బయట ఉంచమనీ అనను. కానీ చద్దన్నం తిని పెరిగాము, మాకేమీ కాలేదని వాదించేవారు ఆ చద్దన్నం తరవాణిలో ఉండేదని, మా ట్రేలలోని అన్నం పులియకుండా పొడిగా ఉందని గమనించాలి.

కమిటీకి నా విన్నపం ఒకటే. తెల్లన్నం ఆ రోజు, అక్కడే వండుదాం. వడ్డన సాగినంతసేపూ 140 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకుండా ఉంచుదాం. ముందే వండక తప్పని ఇల్లు ఉంటే, రెండు అంగుళాల మందానికి మించకుండా పరచి, ఆవిరి పోగానే, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టమందాం. సాయంత్రం కార్యక్రమాలు ముగిశాక, మధ్యాహ్నం నుంచి బల్ల మీద ఉన్న అన్నాన్ని వాలంటీర్లకు డబ్బాల్లో కట్టి పంపే అలవాటు కూడా మానుకోవాలి. అన్నం పారేయడం నాకూ ప్రాణం ఒప్పని పనే.

నేను రాసుకున్న ఆ జాబితా కాగితం తీసుకుని ఈ ఆదివారం పిన్నిగారింటికి వెళుతున్నాను. గ్రూపులో ఆ మాటలు రాసినవారు కూడా నాతో రావాలని కోరుతున్నాను.