టిక్ పెట్టారు సరే, ఏం కొన్నారో చూశారా?

"హోటల్ ప్యాకేజీ బుక్ చేసేటప్పుడు కింద ఇన్సూరెన్స్ బాక్సులో టిక్ పెట్టండి, చాలు. తర్వాత ఏ కారణంతో మానుకున్నా కట్టిందంతా వెనక్కొస్తుంది. తొందరపడి ముందే కొనక్కర్లేదు, ఏదైనా తేడా కనిపిస్తే అప్పుడు తీసుకోవచ్చు. అక్కడికెళ్ళాక జబ్బు చేసినా, సామాను పోయినా అన్నీ వాళ్ళే చూసుకుంటారు."

ప్రయాణ బీమా గురించి తరచుగా వినిపించే సలహా ఇది. ఇందులో ఒక్కో మాటా ఎంతవరకు నిజమో చూద్దాం. ముందు ఆ టిక్ సంగతి. ఆ బాక్సు వెనక ఉన్నది ఒక్కోసారి అసలు బీమాయే కాదు. హోటల్ వాళ్ళో, బుకింగ్ సైటు వాళ్ళో కొంచెం ఎక్కువ తీసుకుని, ఫలానా తేదీలోపు రద్దు చేసుకుంటే గది డబ్బు తిరిగిస్తామని ఇచ్చే హామీ అది. గది వరకే పనిచేస్తుంది. ప్యాకేజీలో ఉన్న విమానం టికెట్టుకి, దారిలో వచ్చే జ్వరానికి దానితో సంబంధం లేదు. ఇంకొన్నిసార్లు నిజంగానే బీమా ఉంటుంది కానీ, వైద్యం ఖర్చు వరకే.

తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. డబ్బు కట్టాక మెయిల్లో పాలసీ సర్టిఫికెట్ రావాలి. అందులో బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, ప్రయాణికులందరి పేర్లు, ఏ నష్టానికి ఎంత వరకు ఇస్తారో చూపే పట్టిక ఉంటాయి. ఆ పట్టికలో ట్రిప్ క్యాన్సిలేషన్ అనే వరుస ఉందా, దాని ఎదురుగా ఉన్న మొత్తం మీ ప్యాకేజీకి సరిపోతుందా చూసుకోండి. హోటల్ వోచరులో ఒక చిన్న లైను తప్ప ఇంకేమీ రాకపోతే, మీ దగ్గర బీమా ఉందని అనుకోవద్దు.

ఇక "ఏ కారణంతో మానుకున్నా" అన్న మాట. మామూలు పాలసీలో కారణాల జాబితా ఉంటుంది. మీకో, తోటి ప్రయాణికులకో, దగ్గరి బంధువులకో తీవ్రమైన జబ్బు, ప్రమాదం, మరణం, ఇల్లు కాలిపోవడం లాంటివి అందులో ఉంటాయి. మనసు మారడం, స్నేహితులు హ్యాండివ్వడం, అక్కడి వార్తలు చూసి భయం వేయడం ఉండవు. సెలవు దొరకకపోవడం, వీసా రాకపోవడం కూడా చాలా పాలసీల్లో ఉండవు. ఏ కారణానికైనా ఇచ్చే కవరు కొన్ని దేశాల్లో దొరుకుతుంది, నిజమే. కానీ దానికి ప్రీమియం ఎక్కువ, మొదటి అడ్వాన్సు కట్టిన కొద్ది రోజుల్లోనే కొనాలి, సాధారణంగా బయల్దేరడానికి రెండు రోజుల ముందైనా రద్దు చేయాలి. అన్నీ పాటించినా వచ్చేది 50 నుంచి 75 శాతమే.

జబ్బు కారణంగా మానుకున్నా ఒక మెలిక ఉంది. పాలసీ కొనేనాటికే ఉన్న జబ్బును, ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, పక్కన పెడతారు. ఇక్కడ చాలామందికి తెలియనిది, ఆ జబ్బు ప్రయాణికుడిదే కానక్కర్లేదు. ఇంట్లో ఉన్న తండ్రి గుండెజబ్బు వల్ల మీరు ఆగిపోతే ఆయన పాత కేసు కాగితాలు కూడా చూస్తారు. అడిగినప్పుడు దాచకుండా రాయడమే మేలు. కొంచెం ప్రీమియం పెరిగినా క్లెయిమ్ నిలబడుతుంది.

"కట్టిందంతా" అన్నదాన్ని ఒక లెక్కతో చూద్దాం. ప్యాకేజీ మొత్తం 100 వంతులు అనుకోండి, అంతా ముందే కట్టేశారు. రద్దు నిబంధన ఇలా ఉంది: ప్రయాణానికి 30 రోజుల ముందు వరకు 10 వంతులు కోత, 30 నుంచి 15 రోజుల మధ్య 40, ఆ తర్వాత 80. సరిగ్గా 20 రోజుల ముందు అమ్మ కాలు విరిగి ఆస్పత్రిలో చేరింది. ఆపరేషన్ చేయాలి, నెల రోజులు పక్కన మనిషి ఉండాలి అన్నారు డాక్టరు. మీకేమో ఆశ చావలేదు. చూద్దాం, చూద్దాం అంటూ పదో రోజు దాకా ఆగి అప్పుడు రద్దు చేశారు. హోటల్ వాళ్ళు 80 ఉంచుకుని 20 తిరిగిచ్చారు.

బీమా కంపెనీ ఆ 20 జోలికి రాదు, అది మీకు ఎలాగూ వచ్చేసింది. మిగిలిన 80 అయినా ఇస్తుందా అంటే, చాలా పాలసీల్లో ఇవ్వదు. వెళ్ళలేమని తెలిసిన వెంటనే రద్దు చేయాలన్నది షరతు. ఆ రోజే చేసి ఉంటే పోయేది 40 కాబట్టి 40 దగ్గరే లెక్క మొదలుపెడుతుంది. అందులోంచి మీరు భరించాల్సిన మొదటి భాగం, డిడక్టిబుల్ అంటారు, 5 వంతులు అనుకుంటే చేతికొచ్చేది 35. హోటల్ ఇచ్చిన 20 కలిపితే 55. మిగతా 45లో 40 కేవలం ఆ పది రోజుల ఊగిసలాటకు పోయింది. క్లెయిముల్లో నాకు అన్నిటికంటే బాధనిపించేది ఇదే. జనం మోసం చేయరు, ఆశపడతారంతే.

కాగితాల దగ్గర కూడా ఇలాగే దెబ్బతింటారు. మా బంధువు ఒకాయన ఆస్పత్రి బిల్లులు, స్కానింగులు, చివరికి మంచం మీద పడుకున్న ఫోటో కూడా పంపాడు. క్లెయిమ్ ఆగిపోయింది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ప్రయాణం చేయకూడదు అన్న ఒక్క వాక్యం డాక్టరు చేత రాయించుకోలేదు. జబ్బు చేసిందని రుజువైంది కానీ, అందువల్లే ఆగిపోయాడని రుజువు కాలేదు. రద్దు చేసే ముందే ఆ చీటీ, రద్దు చేశాక హోటల్ ఎంత కోసుకుందో చూపే రసీదు తీసి పెట్టుకోవాలి.

"తేడా కనిపిస్తే అప్పుడు తీసుకోవచ్చు" అన్నది మొత్తం సలహాలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. వార్తల్లోకి వచ్చేసిన తుఫాను, ప్రకటించేసిన సమ్మె పాలసీ కొనేనాటికే తెలిసిన సంఘటనలు అవుతాయి. ఆ తర్వాత కొన్న పాలసీ వాటికి పనికిరాదు. 2020 జనవరి చివరికే చాలా కంపెనీలు కరోనాను ఇలాగే లెక్కలోకి తీసుకున్నాయి. ఆ తేదీ దాటాక కొన్నవాళ్ళకు అదే కారణంతో రద్దు క్లెయిమ్ చెల్లలేదు. అడ్వాన్సు కట్టిన రోజో, మర్నాడో కొంటే రద్దు కవరు అప్పటి నుంచే మొదలవుతుంది. వైద్యం, సామాను కవర్లు మాత్రం బయల్దేరాకే.

అక్కడికెళ్ళాక జబ్బు చేస్తే నిజంగానే చూసుకుంటారు, కానీ ఆస్పత్రిలో చేరాల్సి వస్తే ముందుగా, కుదరకపోతే వీలైనంత త్వరగా సర్టిఫికెట్ మీదున్న సహాయ నంబరుకు ఫోన్ చేయాలి. మద్యం మత్తులో జరిగిన ప్రమాదం సాధారణంగా కవరు కాదు. ప్యాకేజీలోనే ఉన్న స్కూబా డైవింగ్, పారాగ్లైడింగ్ కూడా విడిగా చేర్చుకోకపోతే బయటే ఉంటాయి. హోటల్ వాళ్ళే తీసుకెళ్ళారు కదా అంటే కుదరదు.

సామాను విషయంలో ఒక దృశ్యం చాలు. రిసెప్షన్ దగ్గర ఫారం నింపుతూ బ్యాగును వెనక సోఫా మీద పెట్టారు, తిరిగి చూస్తే లేదు. పాలసీ భాషలో అది గమనింపు లేకుండా వదిలేసిన సామాను, దానికి పైసా రాదు. అదే బ్యాగు తాళం వేసిన గదిలోంచి తలుపు పగలగొట్టి ఎత్తుకుపోతే వస్తుంది, పోలీసు ఫిర్యాదు కాపీ ఉంటేనే. చాలా పాలసీలు ఆ ఫిర్యాదు 24 గంటల్లోపు ఇచ్చి ఉండాలంటాయి. మర్నాడు టూరు ముగించుకుని సాయంత్రం వెళ్దాం అనుకుంటే గడువు దాటిపోవచ్చు.